అమ్మ పిలిచేది వాడి పేరే

కుట్లు మానాయి. పొట్టకి బెల్టు మాత్రం ఇంకా కట్టుకునే ఉండమన్నారు. బిందె ఎత్తొద్దు, వంగి ఇల్లు ఊడవొద్దు అన్నారు కాబట్టి కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. ఊరికే కూర్చోవడం నాకు చేతకాని పని. ఒళ్ళు మండి రాస్తున్నానని ముందే చెబుతున్నాను, చదివాక ఈవిడకి ఇంత కోపమేంటని అడగొద్దు. ఆసుపత్రి బల్లల మీద నా పక్కన కూర్చున్న ఆడవాళ్ళలో సగం మంది తమ జబ్బు సంగతి మాట్లాడేవారు కాదు. ఇంట్లో మంచం మీద ఉన్న అత్త సంగతో, తండ్రి సంగతో మాట్లాడేవారు. తోడబుట్టినవాళ్ళని ఎలా అడగాలో తెలియక గొంతులోనే పెట్టుకుని తిరిగే వాళ్ళ కోసం ఇది. నేను ఒకసారి తప్పుగా అడిగాను, ఒకసారి సరిగ్గా అడిగాను. రెండూ చెబుతాను.

నవంబరు

పత్తి తీసే రోజులు. మా బడిలో సగం మంది పిల్లలు తల్లుల వెంట చేలకు పోతారు, మిగిలినవాళ్ళని ఒక గదిలో కూర్చోబెట్టుకుని పాఠం చెబుతాం. ఆ రోజు ఎక్కాలు చెప్పిస్తూ లేచి నిలబడ్డాను. కళ్ళు తిరిగాయి. కుర్చీ తడిసి ఉంది. తోటి టీచరు తన శాలువా నా నడుముకి చుట్టి, పిల్లల్ని బయటికి పంపి, ఆ కుర్చీ తనే కడిగింది. ఆవిడకి చాలా నెలలు థాంక్స్ కూడా చెప్పలేదు, సిగ్గేసి.

అంతకు ముందు నుంచే ఉంది ఆ రక్తం పోవడం. ఇంట్లో అమ్మ ఉంది కదా, ఎక్కడికి వెళతాను అని వాయిదా వేసుకుంటూ వచ్చాను.

మా అమ్మ బైబిలు ఉమెన్. అద్దంకి చుట్టుపక్కల పల్లెలన్నీ కాళ్ళతో కొలిచింది, ఇంటింటికీ వెళ్ళి వాక్యం చెప్పి, బాలింతలకి ప్రార్థన చేసి వచ్చేది. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట కూడా పోయింది, ఒక్క మాట తప్ప. ఆ ఒక్క మాట 'విజయ్'. అది నా తమ్ముడి పేరు. దాహం వేసినా విజయ్, పక్క తడిసినా విజయ్, ఫ్యాను తగ్గించాలన్నా విజయ్. ఇలాంటి జబ్బులో ఒక్కోసారి ఒకే మాట మిగులుతుందమ్మా, దానికి అర్థం వెతకొద్దు అన్నారు డాక్టరు గారు. సరే, వెతకను. కానీ ఆ పేరు వినపడ్డ ప్రతిసారీ లేచి వెళ్ళింది నేను. నా పేరు రాజకుమారి.

విజయ్ గుంటూరు బ్రాడీపేటలో ఉంటాడు. కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతాడు. ఈ రెండేళ్ళలో వాడు చుట్టపు చూపుగా వచ్చాడు, వచ్చినప్పుడల్లా ఆపిల్ పళ్ళు తెచ్చాడు. నమలలేని మనిషికి ఆపిల్ పళ్ళు. గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని "అమ్మా, బాగున్నావా" అని, ఫోన్ చూసుకుని, భోజనం వేళకి ముందే బయల్దేరేవాడు. ట్రాఫిక్ అట. అద్దంకిలో ట్రాఫిక్.

గుంటూరులో చూపించుకోమని మా ఆయన పట్టుబట్టాడు. బ్రాడీపేటలోనే లేడీ డాక్టరు. ఆ వెయిటింగ్ హాల్లో కూర్చుంటే తమ్ముడి ఇల్లు రెండు వీధుల అవతల. ఫోన్ చేశాను.

"అక్కా, క్లాసులో ఉన్నా. డాక్టరేమంది?"

"ఇంకా పిలవలేదు. ఒకసారి వస్తావా, నాకు భయంగా ఉంది."

"సాయంత్రం దాకా బ్యాచీలున్నాయక్కా. నేను ప్రార్థన చేస్తున్నాలే, ఏం కాదు."

లోపల డాక్టరమ్మ గర్భసంచి తీసేయాలంది. ఇప్పటికే రక్తం బాగా తగ్గింది, ముందు రక్తం పట్టాలి, ఆ తర్వాత ఆపరేషన్ అంది. ఆపైన నెలన్నర బకెట్ కూడా ఎత్తకూడదంది.

"ఇంట్లో ఎవరున్నారమ్మా చూసుకోవడానికి?"

"మా అమ్మ ఉందండి" అన్నాను, నా గొడవ ఎలా మొదలుపెట్టాలో తెలియక.

"అయితే ఇంకేం, అమ్మ చూసుకుంటుందిగా" అంది ఆవిడ, రాసుకుంటూ.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. ఆవిడ కలం పక్కన పెట్టి అప్పుడు మొత్తం విన్నది. ఎక్కువ ఆలస్యం చేస్తే ప్రమాదమమ్మా, మీ అమ్మగారికి ఇంకో ఏర్పాటు చూసుకుని వెంటనే రండి అంది. ఆ ఏర్పాటు పేరు విజయ్ తప్ప నాకు ఇంకోటి తెలియదు. మా ఆయన పురుగుమందుల షాపు చూసుకుంటాడు, మంచివాడు, అన్నం వండుతాడు, అమ్మను లేపి కూర్చోబెడతాడు. కానీ అల్లుడు అత్తగారికి స్నానం చేయించలేడు కదా, పక్క బట్టలు మార్చలేడు కదా. ఆయన చేస్తానన్నా అమ్మ పళ్ళు బిగబట్టి గోడ వైపు తిరుగుతుంది. పైగా నన్ను చూసుకోవాల్సిందీ ఆయనే.

డిసెంబరు

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. మా చర్చి సంఘాల్లో పెరిగినవాళ్ళు మాత్రమే చేయగలిగిన తెలివితక్కువ పని ఇది.

శుక్రవారం ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థనలో విన్నపాలు చెప్పుకుంటాం. ఎవరి కష్టం వాళ్ళు చెబితే, ఒకరు లేచి దాని కోసం పైకి ప్రార్థన చేస్తారు. నేను నా ఆపరేషన్ గురించి చెప్పి, ఊరుకోకుండా "మా తమ్ముడి మనసు కూడా మారాలని ప్రార్థించండి" అన్నాను. మనసులో ఇంకో లెక్క ఉంది, దేవుడి దగ్గర దాచేదేముంది. సంఘంలో నలుగురికీ తెలిస్తే వాడి చెవిన పడుతుంది, సిగ్గుపడి వస్తాడు అనుకున్నాను. వాడితో మొహం చూసి చెప్పలేని మాటని ప్రభువు మీదుగా పంపించాను.

సారమ్మ పెద్దమ్మ లేచింది. అమ్మతో కలిసి ఊళ్ళు తిరిగిన మనిషి, అమ్మంటే ప్రాణం. మైకు పట్టుకుని కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. కన్నతల్లి మంచాన పడితే తొంగి చూడని కుమారుడు విజయ్‌ని జ్ఞాపకం చేసుకొమ్మంది. వాడి రాతి గుండెని బద్దలు కొట్టమంది. చదువు గర్వం అణచమంది. మధ్యలో ఆపడానికి అది ప్రార్థన కదా, ఎవరు ఆపుతారు? ఆ ప్రార్థన కూడికని రాలేనివాళ్ళ కోసం ఫోన్లో లైవ్ కూడా పెడతారు. చిలకలూరిపేటలో విజయ్ అత్తగారు ప్రతి వారం క్రమం తప్పకుండా చూస్తారు.

సాయంత్రానికే ఫోన్ వచ్చింది.

"నన్ను సంఘంలో నిలబెట్టావా అక్కా? మా అత్త ఫోన్ చేసి ఏడుస్తుంది. నీకేం కావాలో నాకు చెప్పొచ్చుగా."

"రెండేళ్ళ నుంచి చెప్పకపోతే నీకు కళ్ళు కనపడవా?" అన్నాను నేను కూడా.

"అయితే నీ దేవుడితోనే చెప్పుకో" అని పెట్టేశాడు.

క్రిస్మస్‌కి ఫోన్ కూడా చేయలేదు. అమ్మకి కొత్త చీర కట్టి, మంచం గుమ్మం వైపు తిప్పాను. గేటు చప్పుడైనప్పుడల్లా 'విజయ్' అంది. ఆ రోజు అది నీళ్ళ కోసం కాదని నాకు తెలుసు.

జనవరి

రక్తం పట్టించుకోవడానికి మళ్ళీ గుంటూరు. మిరపకాయలు రావడం మొదలైంది, బస్సు కిటికీ తీస్తే ఘాటుకి అందరూ దగ్గుతున్నారు. దగ్గినప్పుడల్లా పొత్తికడుపు పట్టుకునేదాన్ని.

మా ఆయన దారి పొడవునా ఒకటే మాట. "పెద్దమనుషుల్లో పెడదాం రాజీ. పాస్టరు గారు, మీ బాబాయి కూర్చుంటే దారికొస్తాడు. తల్లి ఇద్దరికీ తల్లే." నాకూ అదే సబబుగా తోచింది. వాడు తలొంచుకుని నిలబడితే చూడాలని ఉంది, నిజం చెప్పొద్దూ.

వెయిటింగ్ హాల్లో పొదిలి నుంచి వచ్చిన రజియా అనే ఆవిడ కలిసింది. నా పక్క మంచం మీదే ఆవిడకీ సీసా ఎక్కించారు. తెచ్చుకున్న ఇడ్లీ నాకు సగం పెట్టింది. మాటల్లో నా గొడవంతా కక్కేశాను, పెద్దమనుషుల్లో పెట్టబోతున్నామని కూడా చెప్పాను. ఆవిడ ఇడ్లీ పొట్లం మడిచి పక్కన పెట్టింది.

"మా ఆయన, మా మరిదీ అట్టానే కూర్చున్నారు టీచరమ్మా, మసీదు పెద్దల ముందు. మా అత్త గురించే. నెల వీడింట్లో, నెల వాడింట్లో అని చెప్పారు. ఇద్దరూ మాట తప్పలా. నెల తిరిగిన రోజు, ముసలామెకి జ్వరమున్నా సరే, సంచీతో సహా ఆటోలో తెచ్చి గుమ్మంలో దింపేవాళ్ళు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసేవాళ్ళు కాదు. ఆమె పోయిననాడు కూడా ఇద్దరూ చెరో పక్క నిలబడ్డారు. ఇప్పటికీ అంతే."

"మరి ఏం చేయమంటావమ్మా?"

"నాకేం తెలుసు. మేం మాత్రం నువ్వు చేయలా, నువ్వు చేయలా అని మొదలుపెట్టాం. అది మొదలుపెట్టాక ఇంక ముసలామె సంగతి ఎవరూ మాట్టాడలా."

ఆ మాట తిరుగు ప్రయాణంలో వదల్లేదు. నాకు కావాల్సింది వాడు ఓడిపోవడమా, ఆపరేషన్ జరగడమా? రెండూ కావాలి. కానీ రెండూ దొరకవని అర్థమైంది. పెద్దమనుషులు వద్దని మా ఆయనకి చెప్పాను. "నీ ఇష్టం, రేపు నీకేమైనా అయితే నేను మాత్రం వాణ్ణి వదలను" అన్నాడు.

ఫిబ్రవరి

ఒక్కదాన్నే వెళ్ళాను. మా ఆయన ఉంటే వాడు బావ ముందు బిగుసుకుంటాడు, మా మరదలు సునీత ఉంటే పెళ్ళాం ముందు పెద్దరికం చూపిస్తాడు. అందుకని ఇంటికి పోకుండా, మధ్యాహ్నం బ్యాచీకీ సాయంత్రం బ్యాచీకీ మధ్య ఖాళీ చూసుకుని సెంటరుకే పోయాను. పక్క సందులో టీ కొట్టు దగ్గర కలిశాడు. వేళ్ళకి సుద్దపొడి. చిక్కిపోయాడు, జుట్టు పలచబడింది. జాలి వేసింది, వేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

"ఏంటక్కా, ఫోన్ చేయకుండా వచ్చావ్?"

"చేస్తే ఎత్తుతావా?" నోరు జారింది. వాడి మొహం మూసుకుపోయింది. వెంటనే సర్దుకున్నాను. "సరే, అది వదిలెయ్. టీ చెప్పు."

టీ వచ్చాక అన్నాను. "సంఘంలో నీ పేరు రాకుండా ఉండాల్సింది. నేను అనబట్టే వచ్చింది. అది తప్పే."

"మా అత్త ముందు తలెత్తుకోలేకపోయా అక్కా."

అమ్మ తల ఎత్తుకోలేక రెండేళ్ళయింది రా, అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. టీతో పాటు మింగాను. ఆ రోజు ఎన్ని మింగానో, టీ మాత్రం ఒక గుక్క కూడా రుచి తెలియలేదు. చూడండి, రెండేళ్ళు చేసింది నేను, క్షమాపణ చెప్పుకుంటున్నదీ నేనే.

"మార్చిలో ఆపరేషన్. నెలన్నర నేను అమ్మను ముట్టుకోకూడదు. బడి సెలవలిచ్చే దాకా అమ్మ నీ దగ్గర ఉండాలి. అంతే అడగడానికొచ్చా. ఇంకేం లేదు."

"ఏదన్నా హోమ్‌లో పెడదామక్కా. ఖర్చు నేను పెట్టుకుంటా."

"కొత్త మనుషుల మధ్య అమ్మ తినదు. ఇంటికి వచ్చే మనిషిని పెట్టు, మంచిదే. పగలు స్నానం, బట్టలు ఆవిడ చూస్తుంది. సాయంత్రం నుంచి పొద్దుట దాకా మాత్రం నువ్వే."

"నేను మగాణ్ణి, నేనెలా..."

"పక్కకి తిప్పడానికి, రెండు చెంచాలు మెత్తటి అన్నం పెట్టడానికి మగాడైతే ఏంటి? నేను నేర్పిస్తా."

గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నాకు భయమక్కా" అన్నాడు చివరికి. "ఆసుపత్రిలో మొదటిరోజు నా చెయ్యి పట్టుకుని పేరు పిలుస్తూనే ఉంది. ఏం కావాలో అర్థం కాలా. పక్క తడిపేసింది. నేను బయటికొచ్చేశా. అప్పట్నుంచి ఆ గుమ్మం దాటలేకపోతున్నా."

రెండేళ్ళ నా బతుక్కి ఇదా కారణం అనిపించింది. నాకేమన్నా భయం లేకుండా పుట్టించారా? కానీ అరవలేదు. "నాకూ అర్థం కాదు రా. నీళ్ళా అని చూస్తా, తడిసిందేమో చూస్తా, ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతా. పొద్దున లేస్తే అమ్మ నీ పేరే పిలుస్తుంది. పిలిచినప్పుడల్లా నేను వెళ్తున్నా. మార్చిలో నేను వెళ్ళలేను."

వాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. సునీతని అడిగి చెబుతానన్నాడు. ఇప్పుడే చెప్పు అని పట్టుబట్టలేదు. శుక్రవారం నేనే ఫోన్ చేస్తానని లేచాను.

శుక్రవారం దాకా ఆగాల్సిన పని లేకపోయింది. ఆ మర్నాడే సునీత ఫోన్ చేసింది. "వదినా, అత్తయ్యను తీసుకురండి. మీకు ఆపరేషనని డిసెంబరులో మా అమ్మ చెబితే, అదేం లేదని ఆయన కొట్టిపారేశారు. మీకు మామూలు నీరసం అనుకున్నా." వింటూ నిలబడ్డాను. నవంబరు నుంచి వాడు చేసిన ప్రార్థన ఎవరి కోసమో మరి.

మార్చి, ఏప్రిల్

అమ్మను గుంటూరులో విజయ్ ఉండే రెండో అంతస్తుకి కుర్చీలో కూర్చోబెట్టి ఎక్కించారు. పడిపోయిన చెయ్యి పట్టి లాగొద్దని, గడ్డం కిందికి ఉంచి అన్నం పెట్టమని, పక్కకి తిప్పుతూ ఉండమని వాడికి చూపించాను. మొదటిసారి తిప్పేటప్పుడు వాడు ఆ చెయ్యే పట్టుకోబోయాడు. నేను చేస్తానని ముందుకు పోబోయాను. మా ఆయన నా భుజం పట్టుకుని మెట్ల వైపు నడిపించాడు.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. తెలివి వచ్చేసరికి నోరు ఎండిపోయి ఉంది, కాళ్ళు నావి కానట్టున్నాయి. బతికాననుకున్నాను. ఆ వెంటనే అమ్మ తిన్నదా అనుకున్నాను.

విజయ్ ఫోన్ మీద ఫోన్ చేశాడు. "అక్కా, విజయ్ విజయ్ అంటుంది, ఏం కావాలంటావ్?" కుట్లు పట్టుకుని చెప్పేదాన్ని. నీళ్ళియ్యి, దిండు సర్దు. మూడో రోజు మా ఆయన ఫోన్ లాక్కుని "వాడే చూసుకుంటాడు" అని కట్టేశాడు. నిజంగానే చూసుకున్నాడు. రానురాను ఫోన్లు తగ్గాయి, తర్వాత ఆగాయి.

ఏప్రిల్లో చూడ్డానికి వెళ్ళాను. అమ్మ శుభ్రంగా ఉంది, తల దువ్వి ఉంది. పక్కకి తిప్పితే తుంటి మీద పుండు. రెండేళ్ళలో నేను ఒక్కటి కూడా రానివ్వలేదు. ఒళ్ళంతా మంటెత్తింది. వాడు గుమ్మంలో నిలబడి నా మొహమే చూస్తున్నాడు, ఎప్పుడు తిడుతుందా అని. తిడితే ఏమవుతుందో నాకు తెలుసు. నీ అంత బాగా నేను చేయలేనులే అని ఆ మర్నాడే అమ్మను దింపేస్తాడు, దానికి నేనే దారి ఇచ్చినట్టవుతుంది.

"దీన్ని ఇవాళే డాక్టరుకి చూపించు, గాలిపరుపు కొను, ఇంకొంచెం తరచుగా తిప్పు" అన్నాను.

"సాయంత్రమే చూపిస్తానక్కా."

చూపించాడు. పుండు మానింది. ఆ మంట మాత్రం నాలో అలాగే ఉంది. గొడవ పడకుండా ఉండడం అంటే అదే, ఎవరో ఒకరు మింగాలి. మా ఇంట్లో మింగేది నేను.

మే

బాగయ్యాక కృతజ్ఞత కూడిక పెట్టుకోవడం మా ఆనవాయితీ. ఇంటి ముందు షామియానా వేసి, సంఘాన్ని పిలిచి, భోజనాలు పెట్టాం. విజయ్ అమ్మను కారులో తీసుకొచ్చాడు. సునీత, వాళ్ళ అమ్మ కూడా వచ్చారు.

దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పే వేళ పిలవకుండానే విజయ్ లేచాడు. మైకు పట్టుకుని, మా కుటుంబం అగ్నిపరీక్షలో నడిచిందన్నాడు. తల్లికి తన చేత్తో అన్నం తినిపించే భాగ్యం ప్రభువు తనకిచ్చాడన్నాడు. అమ్మ ఎప్పుడు వచ్చినా తన ఇంటి తలుపులు తెరిచే ఉంటాయన్నాడు. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. సారమ్మ పెద్దమ్మ అయితే వెక్కి వెక్కి ఏడ్చింది, తన ప్రార్థన ఫలించిందని. విజయ్ అత్తగారు తల పైకెత్తి కూర్చుంది. పాస్టరు గారు లేచి, ఇలాంటి కొడుకుని కన్న తల్లి ధన్యురాలన్నారు. రెండేళ్ళు నేనెక్కడున్నానో ఎవరికీ గుర్తు రాలేదు. నాకు చెవుల్లోంచి పొగ వచ్చింది.

తర్వాత మైకు నాకిచ్చారు.

అందరి ముందూ చెప్పేయొచ్చు. తలుచుకుంటే ఆ షామియానా కిందే వాడి పరువు తీసి ఆరేయొచ్చు. అంత కసి ఉంది నాలో. కానీ జూన్లో బడి తెరుస్తారు. బరువులు ఎత్తే పని ఇంక తగ్గించుకోవాలమ్మా, లేకపోతే కుట్ల దగ్గర మళ్ళీ ఇబ్బందొస్తుంది అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ కసి తీర్చుకుంటే అమ్మ మంచం మళ్ళీ నా ఒక్కదానిదే.

దేవుడికి స్తోత్రం చెప్పాను, శాలువా కప్పిన టీచరుకి, పొదిలి రజియాకి థాంక్స్ చెప్పాను. "మా తమ్ముడు ఇప్పుడు చక్కటి మాట చెప్పాడు" అన్నాను. "తలుపులు తెరిచే ఉంటాయన్నాడు. అందుకని ఈ జూన్ నుంచి ప్రతి నెలా మొదటి పది రోజులు అమ్మను వాడి దగ్గరే ఉంచుతాను. వాడికి ఆ బలం ఇమ్మని మీరందరూ ప్రార్థించాలి. ఇదే నా విన్నపం."

షామియానా అంతా ఆమెన్ అంది. సారమ్మ పెద్దమ్మ రెండుసార్లు అంది. సునీత నవ్వి తలూపింది. విజయ్ నా వైపు చూశాడు, నేను వాడి వైపు చూశాను. వాడు అందరికంటే ఆఖరున, మెల్లగా ఆమెన్ అన్నాడు. మంచి కొడుకన్న పేరు వాడికి దక్కింది, పది రోజులు నాకు వచ్చాయి. ఆ పేరు వాడినే ఉంచుకోమనండి.

భోజనాలు వడ్డిస్తుండగా లోపల గదిలోంచి అమ్మ పిలిచింది. "విజయ్."

నా ఒళ్ళు దానంతటదే లేచింది. కుట్ల దగ్గర చురుక్కుమంది. కుర్చీ చేతులు పట్టుకుని మళ్ళీ కూర్చున్నాను. ఎదుటి బల్ల దగ్గర వాడు విస్తరి ముందు అప్పుడే చెయ్యి కడుక్కున్నాడు. అమ్మ మళ్ళీ పిలిచింది. వాడు ఒకసారి నన్ను చూశాడు. నేను కదల్లేదు.

వాడు లేచి లోపలికి వెళ్ళాడు. నేను అన్నంలో పప్పు కలుపుకున్నాను.